మొదటి క్లినిక్‌కు ముద్ర రుణం: కిస్తీ ఎంత, ఎప్పటి నుంచి, చేతిలో ఎంత ఉంచుకోవాలి?

క్లినిక్ తెరిచిన మొదటి నెలలో ఎంతమంది పేషెంట్లు వస్తారో ఎవరూ చెప్పలేరు. బ్యాంకు కిస్తీ తేదీ మాత్రం ముందే రాసి ఉంటుంది. ఈ రెండింటి మధ్య తేడానే కొత్త డాక్టర్లను ఇబ్బంది పెడుతుంది. పని రాక కాదు, పేషెంట్లు అసలే రాక కూడా కాదు, వసూలు కుదుటపడక ముందే కిస్తీ మొదలై చేతిలో డబ్బు అయిపోవడం వల్ల చాలామంది ఇరుక్కుంటారు.

మండల కేంద్రంలో మొదటి దంత వైద్యశాల పెట్టే డాక్టరును ఉదాహరణగా తీసుకుని, ప్రధానమంత్రి ముద్ర యోజన కింద రుణం ఎంత అడగాలి, కిస్తీ ఎలా పెట్టించుకోవాలి, చేతిలో ఎంత ఉంచుకోవాలి అన్నది ఈ పాఠంలో చూద్దాం. ఫోనులో చదువుతూ పక్కన ఒక కాగితం పెట్టుకుని మీ అంకెలు కూడా వేసుకోండి.

ముందుగా పథకం గురించి నాలుగు మాటలు

ముద్ర యోజన 2015 ఏప్రిల్ 8న మొదలైంది. వ్యవసాయం కాని చిన్న వ్యాపారాలకు, సేవా రంగంలో సొంతంగా పని పెట్టుకునేవారికి బ్యాంకులు ఈ రుణం ఇస్తాయి. 50 వేల వరకు శిశు, 50 వేల నుంచి 5 లక్షల వరకు కిశోర్, 5 లక్షల నుంచి 10 లక్షల వరకు తరుణ్ అంటారు. తరుణ్ రుణం తీసుకుని సక్రమంగా తీర్చినవారికి 20 లక్షల వరకు ఇచ్చే తరుణ్ ప్లస్ 2024 అక్టోబరు నుంచి వచ్చింది. అంటే మొదటిసారి వెళ్లేవారికి పరిమితి 10 లక్షలే.

ఇది సబ్సిడీ కాదు, అప్పు. తీసుకున్నదంతా వడ్డీతో కట్టాలి. అయితే ఇల్లో పొలమో తనఖా పెట్టనక్కర్లేదు, వేరేవాళ్ల పూచీకత్తూ అక్కర్లేదు. రుణంతో కొన్న పరికరాలు మాత్రం బ్యాంకుకు హామీగా ఉంటాయి. అప్పు తీరేదాకా వాటిని అమ్మకూడదు.

దరఖాస్తు బ్యాంకు శాఖలో నేరుగా ఇవ్వొచ్చు, లేదా www.jansamarth.in లో పెట్టొచ్చు. ముద్రకు ఏజెంట్లు లేరు. "రుణం ఇప్పిస్తా, ఇంత ఇవ్వండి" అని ఎవరైనా అంటే రూపాయి కూడా ఇవ్వకండి. బ్యాంకు అడిగే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా udyamregistration.gov.in లో ఉచితమే.

మన ఉదాహరణ

పల్నాడు వైపు ఒక మండల కేంద్రం అనుకుందాం. బీడీఎస్ చదివి, పట్నంలో ఒక ఆసుపత్రిలో మూడేళ్లు పనిచేసిన డాక్టరమ్మ సొంతంగా క్లినిక్ పెడుతున్నారు. కింది అంకెలన్నీ లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే. మీ ఊరి ధరలు, మీ బ్యాంకు వడ్డీ వేరేగా ఉంటాయి. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

ఆమెకు కావలసినవి ఇవి:

- డెంటల్ చైర్, కంప్రెసర్: 2,50,000
- ఎక్స్‌రే మిషను, సెన్సర్: 1,50,000
- హ్యాండ్‌పీసులు, స్కేలర్, లైట్ క్యూర్, చేతి పరికరాలు: 90,000
- పరికరాలు శుద్ధి చేసే ఆటోక్లేవ్: 70,000
- నీటి పైపులు, కరెంటు పని, ఇన్వర్టరు, పార్టిషన్: 1,40,000

మొత్తం 7 లక్షలు. ఇందులో చివరి లైను పని ఆమె సొంత డబ్బుతో చేయిస్తారు. బ్యాంకు అడిగే సొంత వాటా 20 శాతం అనుకుంటే అది సరిగ్గా 1,40,000. మిగిలిన 5,60,000 పరికరాలకు రుణం.

కొటేషన్ తీసుకునేటప్పుడు ఒక సంగతి గమనించాలి. వైద్య సేవకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి, పరికరాలపై కట్టిన జీఎస్టీని డాక్టరు తిరిగి రాబట్టుకోలేరు. అదీ ఖర్చులో భాగమే. అందుకే కొటేషన్‌లో జీఎస్టీ, రవాణా, బిగింపు ఖర్చు అన్నీ కలిపిన ధర రాయించుకోండి. లేకపోతే రుణం మంజూరయ్యాక ఆ తేడా మీ జేబులోంచే పోతుంది.

రెండో చైరు ఇప్పుడే కొనాలా?

"ఎలాగూ అప్పు తీసుకుంటున్నారు, రెండో చైరు కూడా పెట్టించండి, తగ్గించి ఇస్తాం" అని అమ్మేవాళ్లు చెబుతారు. ఒక చైరు మీద ఒక డాక్టరు రోజుకు ఎనిమిది, పది మందిని చూడగలరు. మొదటి ఏడాది మండల కేంద్రంలో ఆ చైరే సగం రోజు ఖాళీగా ఉంటుంది.

రెండో చైరుకు ఇంకో 2,50,000 అప్పు చేస్తే, 11 శాతం వడ్డీతో ఐదేళ్లకు నెలకు 5,436 రూపాయల కిస్తీ పెరుగుతుంది. పేషెంట్లు మాత్రం పెరగరు.

రెండో చైరు ఎప్పుడు అవసరమో మీ అపాయింట్‌మెంట్ పుస్తకమే చెబుతుంది. ఖాళీ లేక వేరే రోజుకు పంపించినవాళ్ల పేర్లు ఒక పేజీలో రాస్తూ ఉండండి. వరుసగా మూడు నెలలు ఆ పేజీ నిండుతుంటే అప్పుడు ఆలోచించొచ్చు.

ఎక్స్‌రే మిషను సంగతి వేరు. అది లేకుండా రూట్ కెనాల్ సరిగా చేయలేం. పల్లె క్లినిక్‌లో డబ్బు వచ్చే పనుల్లో రూట్ కెనాల్ ముఖ్యమైనది. అందుకే ఎక్స్‌రే మొదటి రోజే ఉండాలి. మొదటి నెలలోనే పనికొచ్చేదానికి అప్పు చేయండి, ఎప్పుడో పనికొస్తుందనుకునేదానికి ఆగండి.

కిస్తీ ఎంత కాలానికి పెట్టించుకోవాలి?

5,60,000 రుణం, 11 శాతం వడ్డీ అనుకుందాం. మూడేళ్లలో తీర్చేలా పెట్టుకుంటే నెల కిస్తీ 18,334. ఐదేళ్లకు పెట్టుకుంటే 12,176.

మూడేళ్లకైతే మొత్తం వడ్డీ సుమారు 70 వేలు తగ్గుతుంది. అది చూసి చాలామంది మూడేళ్లే మేలు అనుకుంటారు. ఇంట్లో పెద్దవాళ్లు కూడా "అప్పు ఎంత తొందరగా తీరితే అంత మంచిది" అంటారు. ఆ మాట నిజమే. కానీ కిస్తీ కుదురుకోని వసూలుకు మించితే, ఆ 70 వేలు మిగలకముందే ఖాతా బకాయిలో పడుతుంది.

దీనికి మధ్యే మార్గం ఉంది. ఐదేళ్లకు పెట్టించుకుని, బాగా వచ్చిన నెలల్లో అదనంగా కట్టుకోవచ్చు. 2026 జనవరి 1 తర్వాత మంజూరైన లేదా రెన్యువల్ అయిన రుణమైతే, వడ్డీ రేటు మారే రకం, అంటే ఫ్లోటింగ్ రేటు రుణంపై వ్యాపారం కోసం తీసుకున్న వ్యక్తి దగ్గర ముందస్తు చెల్లింపు చార్జీ వసూలు చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. కాబట్టి మీది ఫ్లోటింగ్ రేటా, ఫిక్సెడ్ రేటా అని మంజూరు పత్రంలో చూసుకోండి. కిస్తీ చిన్నదైతే వీలైనప్పుడు ఎక్కువ కట్టొచ్చు. కిస్తీ పెద్దదైతే వీలు కానప్పుడు తక్కువ కట్టే అవకాశం ఉండదు.

మారటోరియం: అసలు ఆగుతుంది, వడ్డీ ఆగదు

కొత్త యూనిట్ కాబట్టి మొదట కొన్ని నెలలు అసలు కట్టకుండా గడువు ఇవ్వమని బ్యాంకును అడగొచ్చు. దీన్నే మారటోరియం అంటారు. మేనేజరు ఇస్తానని నోటితో చెబితే చాలదు, మంజూరు పత్రంలో నెలల సంఖ్యతో సహా రాసి ఉండాలి.

మన డాక్టరమ్మకు ఆరు నెలల గడువు దొరికిందనుకుందాం. ఆ ఆరు నెలలూ ఏమీ కట్టక్కర్లేదని చాలామంది పొరపాటు పడతారు. అసలు మాత్రమే ఆగుతుంది. వడ్డీ నెలకు 5,133 చొప్పున పడుతూనే ఉంటుంది. నెలనెలా కట్టేస్తే ఆరు నెలలకు సుమారు 30,800 అవుతుంది. కట్టకుండా వదిలేసే వీలు బ్యాంకు ఇచ్చినా, ఆ వడ్డీ అసలులో కలిసి అప్పు 5,91,500 దాకా పెరుగుతుంది. అప్పుడు కిస్తీ 12,861 అవుతుంది. నెలకు 685 ఎక్కువ, ఐదేళ్లకు 41 వేల పైమాటే. అంటే ఇప్పుడు కట్టని 30,800కి తర్వాత ఇంకో పది వేలు కలిపి కడతారు. చేతనైతే వడ్డీ నెలనెలా కట్టడమే మేలు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ గడువు సాధారణంగా బ్యాంకు మొదటి సొమ్ము విడుదల చేసిన రోజు నుంచి లెక్క. మీరు రిబ్బను కట్ చేసిన రోజు నుంచి కాదు. దీని ఫలితం ఏమిటో కింద అంకెల్లో చూద్దాం.

మొదటి ఏడాది నెలనెలా

క్లినిక్ జూన్‌లో తెరిచారు. అద్దె, సహాయకురాలి జీతం, కరెంటు, ఇంటర్నెట్, వ్యర్థాలు తీసుకెళ్లే సంస్థకు కట్టేది అన్నీ కలిపి నెలకు 30,000 ఖాయం ఖర్చు. పేషెంట్లు వచ్చినా రాకున్నా అది తప్పదు. మందులు, మెటీరియల్, పళ్లు తయారుచేసే ల్యాబ్ బిల్లు వసూలులో నాలుగో వంతు అనుకున్నాం. ఇంటి ఖర్చు కోసం ఆమె ఉదయం పూట పాత ఆసుపత్రికి వెళ్లి వస్తున్నారు. అందువల్ల ఇంటి ఖర్చును ఈ లెక్కలో కలపలేదు. మీకు అలాంటి వేరే ఆదాయం లేకపోతే ఇంటి ఖర్చు కూడా కలుపుకోవాలి.

బ్యాంకు వడ్డీ, కిస్తీ కాకుండా నెలకు మిగిలింది లేదా తగ్గింది ఇలా ఉంది:

- జూన్: వసూలు 12,000, లోటు 21,000
- జూలై: వసూలు 20,000, లోటు 15,000
- ఆగస్టు: వసూలు 34,000, లోటు 4,500
- సెప్టెంబరు: వసూలు 26,000, లోటు 10,500
- అక్టోబరు: వసూలు 45,000, మిగులు 3,750
- నవంబరు: వసూలు 38,000, లోటు 1,500
- డిసెంబరు: వసూలు 60,000, మిగులు 15,000
- జనవరి: వసూలు 52,000, మిగులు 9,000
- ఫిబ్రవరి: వసూలు 41,000, మిగులు 750
- మార్చి: వసూలు 66,000, మిగులు 19,500
- ఏప్రిల్: వసూలు 70,000, మిగులు 22,500
- మే: వసూలు 58,000, మిగులు 13,500

ఇది పల్లె లెక్క. సెప్టెంబరులో చేలకు మందులు, ఎరువుల ఖర్చు ఉంటుంది కాబట్టి పంటి నొప్పిని మాత్రలతో నెట్టుకొస్తారు. పత్తి డబ్బు చేతికొచ్చాక డిసెంబరులో వస్తారు. ఫిబ్రవరిలో మిర్చి కోతలు, ఇంట్లో ఎవరికీ తీరిక ఉండదు. మిర్చి అమ్మాక మార్చి, ఏప్రిల్‌లో మళ్లీ వస్తారు. మీ ప్రాంతంలో ఏ నెలలో డబ్బు ఆడుతుందో కిరాణా కొట్టు ఆయన్నో, మందుల షాపు ఆయన్నో అడిగితే చెబుతారు. ఆ మాటను మీ అంచనాలో కలుపుకోండి.

ఇప్పుడు బ్యాంకు చెల్లింపులు కలుపుదాం. మొదటి ఆరు నెలల్లో క్లినిక్ లోటు మొత్తం 48,750. వడ్డీ 30,800. కలిపి నవంబరు చివరికి చేతి డబ్బు సుమారు 79,500 కరిగింది. డిసెంబరు నుంచి 12,176 కిస్తీ మొదలైంది. ఆ నెల వసూలు బాగుంది కాబట్టి గట్టెక్కారు. జనవరిలో కొంచెం తగ్గింది. ఫిబ్రవరిలో 750 మాత్రమే మిగిలితే 12,176 కట్టాల్సి వచ్చింది. ఆ నెలాఖరుకు మొత్తం లోటు 91,300 దాటింది. ఏడాది మొత్తంలో అదే అన్నిటికన్నా లోతు. మార్చి నుంచి మెల్లగా పైకి వచ్చింది.

ఇక్కడే చాలామంది మోసపోతారు. కష్టమంతా మొదటి ఆరు నెలల్లోనే ఉంటుందనుకుని, గడువు అయిపోయేసరికి చేతిలో ఉన్నదంతా ఖర్చు చేసేస్తారు. నిజానికి గడువు అయిపోయాక వచ్చే మొదటి మందకొడి నెలే అసలు పరీక్ష. మన ఉదాహరణలో అది తొమ్మిదో నెల.

రుణం షరతులు మారితే ఇదే క్లినిక్ ఎలా ఉండేదో చూడండి. పేషెంట్లు అంతే, వసూలు అంతే.

మారటోరియం లేకుండా మొదటి నెల నుంచే కిస్తీ కట్టి ఉంటే, ఫిబ్రవరి చివరికి లోటు 1,33,600 దాకా వెళ్లేది.

మూడేళ్ల కిస్తీ పెట్టుకుని ఉంటే, మారటోరియం ఉన్నా ఫిబ్రవరికి లోటు 1,09,800 అయ్యేది. పైగా మే నెల చివరికి కూడా అది 1,09,300 దగ్గరే ఉండేది. అంటే మంచి నెలలు వచ్చినా పైకి లేవలేకపోయేవారు.

ఇక పరికరాల సొమ్ము ఏప్రిల్‌లోనే విడుదలై, క్లినిక్ జూన్‌లో తెరిచి ఉంటే, రెండు నెలల గడువు ఊరికే పోయేది. ఆదాయం లేని రెండు నెలలకు వడ్డీ కట్టాలి, కిస్తీ అక్టోబరు నుంచే మొదలవుతుంది. అప్పుడు ఫిబ్రవరికి లోటు సుమారు 1,15,700. ఇరవై నాలుగు వేల పైచిలుకు తేడా కేవలం తేదీ వల్లే వచ్చింది.

సొమ్ము విడుదలకు ముందు ఏవి పూర్తి కావాలి?

రుణం సొమ్ము మామూలుగా మీ చేతికి రాదు. కొటేషన్ ఇచ్చిన అమ్మకందారు ఖాతాకు బ్యాంకే పంపుతుంది. మంజూరైన వెంటనే విడుదల చేయించుకోవాలని తొందరపడకండి. మంజూరు వేరు, విడుదల వేరు. మంజూరు పత్రం ఎన్నాళ్లు చెల్లుతుందో అడిగి, ఆలోపు ఈ వరుసలో పనులు ముగించండి.

మొదట అద్దె ఒప్పందం. కనీసం రుణ కాలంలో ఎక్కువ భాగానికి సరిపోయేలా రాయించుకోండి. ఏడాదికే ఖాళీ చేయమంటే పైపులకు, కరెంటు పనికి పెట్టిన 1,40,000 గోడలోనే ఉండిపోతుంది.

తర్వాత క్లినిక్ రిజిస్ట్రేషన్. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద, తెలంగాణలో 2010 నాటి కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద ఇది జరుగుతుంది. వివరాలు జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారి కార్యాలయంలో అడగాలి. దానితోపాటే 2016 నాటి నిబంధనల ప్రకారం బయో మెడికల్ వ్యర్థాలకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, వ్యర్థాలు తీసుకెళ్లే సంస్థతో ఒప్పందం కావాలి. పడకలు లేని చిన్న క్లినిక్ అయినా ఇది తప్పదు.

ఎక్స్‌రే మిషనుకు అణుశక్తి నియంత్రణ మండలి దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. చిన్న దంత ఎక్స్‌రేకు కూడా ఇది వర్తిస్తుంది. ఆ మండలి ఆమోదించిన మోడలే కొనాలి. కొటేషన్ తీసుకునే రోజే అమ్మకందారుని ఈ ప్రశ్న అడగండి. మిషను వచ్చి, కాగితం రాక మూలన పడి ఉంటే దాని వడ్డీ మీరే కడతారు.

ఈలోగా మీ సొంత వాటాతో పైపులు, కరెంటు పని చేయించండి. ఆ బిల్లులు భద్రంగా ఉంచండి, సొంత వాటా పెట్టినట్టు బ్యాంకుకు చూపాలి. గది సిద్ధమయ్యాక, చైరు ఎన్ని రోజుల్లో తెచ్చి బిగిస్తారో రాతపూర్వకంగా తీసుకుని, అప్పుడు సొమ్ము విడుదల చేయమని లేఖ ఇవ్వండి.

చేతి డబ్బు ఎక్కడి నుంచి?

మన లెక్కలో అత్యంత లోతు 91,300. ఒక నెల అనుకున్నదానికన్నా తక్కువ వచ్చినా, కంప్రెసర్ పాడైనా ఇంకా దిగుతుంది. కాబట్టి ఒకటిన్నర లక్షల ఏర్పాటు ఉంటే నిద్ర పడుతుంది.

దీనికి దారి ఏమిటంటే, దరఖాస్తులోనే రెండు భాగాలు అడగాలి. పరికరాలకు 5,60,000 టర్మ్ లోను, రోజువారీ ఖర్చులకు ఒక లక్ష ఓవర్‌డ్రాఫ్ట్ లేదా క్యాష్ క్రెడిట్ పరిమితి. రెండూ కలిపి 6,60,000, తరుణ్ పరిమితిలోనే ఉంది. ఓవర్‌డ్రాఫ్ట్‌లో వాడుకున్నంతకే, వాడుకున్నన్ని రోజులకే వడ్డీ. ముద్ర కింద ఇలాంటి పరిమితిని రూపే కార్డు ద్వారా వాడుకునే వీలు కూడా ఉంది. దీనికి తోడు సొంతంగా 50,000 విడిగా పక్కన పెట్టుకోవాలి.

తర్వాత అడుగుదాంలే అనుకోవద్దు. అయిదో నెలలో, లోటులో ఉన్న ఖాతా చూపించి కొత్త పరిమితి అడిగితే బ్యాంకు వెనకాడుతుంది. అప్పుడు మిగిలేది నూటికి మూడు రూపాయల చేబదులు. అంటే ఏడాదికి 36 శాతం, బ్యాంకు వడ్డీకి మూడింతలకు పైనే.

ఓవర్‌డ్రాఫ్ట్‌ను చూసి మీ పరిస్థితి తెలుసుకోవచ్చు. నెలలో కొన్ని రోజులు దిగి, మళ్లీ పైకొస్తుంటే బాగున్నట్టే. రెండు, మూడు నెలలుగా లక్ష అంచునే నిలిచిపోయి ఉంటే క్లినిక్ దాని మీద బతుకుతోందని అర్థం.

వసూలు విషయంలో ఒక అలవాటు కూడా మొదటి నుంచీ ఉండాలి. పంటికి క్యాప్ వేసే పనిలో ల్యాబ్ బిల్లు మీరు ముందే కట్టాలి. పేషెంటు "పంట చేతికొచ్చాక ఇస్తానమ్మా" అంటారు. కాదనలేం, కానీ కొలత తీసుకునే రోజే సగం తీసుకుంటే ల్యాబ్ బిల్లు వరకైనా గడుస్తుంది. పుస్తకంలో రాసిన బాకీని ఆదాయంగా లెక్కేయకండి. చేతికి వచ్చిందే వసూలు.

సంతకం చేసే ముందు

2024 అక్టోబరు 1 నుంచి చిన్న పరిశ్రమలు, సేవా యూనిట్ల టర్మ్ రుణాలకు కూడా బ్యాంకు ఒక ముఖ్యాంశాల పత్రం ఇవ్వాలి. కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అంటారు. మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. అందులో వడ్డీ రేటు ఒక్కటే చూడకండి. వార్షిక శాతం రేటు అని ఇంకో అంకె ఉంటుంది. ప్రాసెసింగ్ చార్జీలు, బీమా వంటివి కలిపాక అప్పు మీకు నిజంగా ఎంత పడుతోందో అదే చెబుతుంది. రెండు బ్యాంకులను పోల్చాలంటే ఆ అంకెతో పోల్చండి. మారటోరియం నెలలు, మొదటి కిస్తీ తేదీ, ఆలస్యమైతే పడే చార్జీ కూడా అందులో, మంజూరు పత్రంలో సరిచూసుకోండి.

కిస్తీ తేదీని మీరే కోరుకోవచ్చు. నెల మొదట్లో అద్దె, జీతం కట్టాలి కాబట్టి 15 తర్వాత తేదీ అడగండి.

కిస్తీ కట్టలేని నెల వస్తుందనిపిస్తే

మన డాక్టరమ్మకు ఫిబ్రవరిలో ఇంట్లో ఆపరేషన్ ఖర్చు వచ్చి, పక్కన పెట్టిన 50,000 అందులో పోయిందనుకుందాం. కిస్తీ తేదీ వరకు ఆగకూడదు. తేదీన కట్టకపోతే అప్పటి నుంచి 30 రోజుల వరకు ఖాతా ఒత్తిడి ఖాతాల మొదటి మెట్టులో ఉంటుంది. 31 నుంచి 60 రోజులు రెండో మెట్టు, 61 నుంచి 90 రోజులు మూడో మెట్టు. 90 రోజులు దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బకాయి. అక్కడికి వెళ్లాక క్రెడిట్ రికార్డు పాడవుతుంది, తర్వాత తరుణ్ ప్లస్ మాట అటుంచి మామూలు అప్పు పుట్టడమూ కష్టమే.

అందుకే తేదీకి వారం ముందే శాఖకు వెళ్లి లేఖ ఇవ్వండి. ఈ నెల ఎందుకు తగ్గింది, గత ఆరు నెలల వసూలు ఎంత, వచ్చే రెండు నెలల్లో ఎంత వస్తుందనుకుంటున్నారు అన్నది ఒక పేజీలో చాలు. దానితో నెలనెలా వసూలు రాసిన మీ పుస్తకం చూపండి. కిస్తీల పట్టికను సర్దడం, కాలం పెంచడం బ్యాంకు విచక్షణలో ఉంటుంది, ఖచ్చితంగా చేస్తారని చెప్పలేం. కానీ బకాయి పడక ముందు లెక్కలతో వెళ్లినవారి మాట వినడానికి మేనేజరుకు ఆధారం ఉంటుంది. లేఖ ఇచ్చినట్టు ముద్ర వేసిన కాపీ తీసుకోండి. మొత్తం కట్టలేకపోతే ఉన్నంతైనా ఖాతాలో వేయండి.

దరఖాస్తుతో తీసుకెళ్లాల్సినవి

- ఆధార్, పాన్, ఫొటోలు
- డిగ్రీ, రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్
- ఉద్యమ్ రిజిస్ట్రేషన్
- అద్దె ఒప్పందం
- అన్ని ఖర్చులూ కలిపిన కొటేషన్లు
- గత ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్
- క్లినిక్ రిజిస్ట్రేషన్, లేదా దరఖాస్తు చేసిన రసీదు
- పైన చూపినట్టు పన్నెండు నెలల అంచనా పట్టిక

చివరిది ముఖ్యమైనది. చాలా దరఖాస్తుల్లో మొదటి నెల నుంచే నెలకు అరవై వేలు వస్తాయని రాసేస్తారు. అలా రాస్తే బ్యాంకు మారటోరియం ఎందుకివ్వాలి? లోటు నెలలు లోటుగానే చూపండి. ఆ లోటును ఓవర్‌డ్రాఫ్ట్‌తో, సొంత డబ్బుతో ఎలా దాటతారో పక్కనే రాయండి. ఆరు నెలల గడువు, ఐదేళ్ల కాలం, లక్ష పరిమితి ఎందుకు అడుగుతున్నారో ఆ పట్టికే మీ తరఫున చెబుతుంది.